షుగర్ రిపోర్టు చదవడం – 4వ పాఠం: మూత్రంలో అల్బుమిన్

గత పాఠంలో రక్తంలోని క్రియాటినిన్ నుంచి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత ఎంతుందన్న అంచనా, ఎలా వస్తుందో చూశాం. ఇవాళ్టి పాఠానికి ఆ అంకె మళ్లీ కావాలి కాబట్టి పాత రిపోర్టు పక్కన పెట్టుకోండి. ఇంకో కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. అల్బుమిన్ రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్, కిడ్నీ జల్లెడ దెబ్బతింటే మూత్రంలోకి కారుతుంది. మూత్రంలో ఆ అల్బుమిన్‌కీ క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తిని మీరే లెక్కగట్టి, అది ఏ దశో చెప్పగలగడం ఈ పాఠం పని. ల్యాబుల్లో దీన్ని ఏసీఆర్ అంటారు.

మా మేనమామ రిపోర్టుతోనే మొదలుపెడతాను. ఆయనకు 54 ఏళ్లు, షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. ఏటా చేయించే పరీక్షల కాగితాలు నా ముందు పెట్టి, "అన్నీ నార్మలే రా, ఊరికే చూడు" అన్నాడు. మూత్రం మామూలు పరీక్షలో, అంటే సీయూఈలో, అల్బుమిన్ ఎదురుగా 'నిల్' అని ఉంది. ఇంకో కాగితంలో యూరిన్ మైక్రోఅల్బుమిన్ లీటరుకు 15 మిల్లీగ్రాములు, నార్మల్ 20 లోపు అని ఉంది. రెండూ చూస్తే ఎవరైనా కాగితాలు మడిచి బీరువాలో పెట్టేస్తారు.

నేను అడిగింది ఒక్కటే. "మామయ్యా, శాంపిల్ ఎప్పుడు ఇచ్చావు?"

"మధ్యాహ్నం. ఎంతకీ రాకపోతే వాళ్లే సీసాడు నీళ్లు తాగమన్నారు. తాగి, కాసేపు తిరిగి ఇచ్చాను."

అసలు సంగతి ఆ సీసాడు నీళ్లలోనే ఉంది. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడుతుంది, దాంతో లీటరుకు ఎంత అల్బుమిన్ ఉందన్న అంకె కూడా పడిపోతుంది. చారులో నాలుగు గ్లాసుల నీళ్లు పోసి ఉప్పు తక్కువైందనడం లాంటిదే ఇది. వేసిన ఉప్పు ఎక్కడికీ పోలేదు. అందుకే అదే శాంపిల్‌లో క్రియాటినిన్ కూడా కొలవాలి. కండరాల నుంచి వచ్చే ఈ వ్యర్థం ఒక మనిషిలో రోజూ దాదాపు ఒకే మోతాదులో, సుమారు ఒక గ్రాము, మూత్రంలోకి పోతుంది. మూత్రం పలచబడితే అల్బుమిన్‌తో పాటు ఇదీ పలచబడుతుంది కాబట్టి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే నీళ్ల ప్రభావం కొట్టుకుపోతుంది. ఇంకో లాభం ఏమిటంటే, రోజుకు గ్రాము చొప్పున పోతుంది కాబట్టి గ్రాము క్రియాటినిన్‌కు ఇన్ని మిల్లీగ్రాముల అల్బుమిన్ అంటే రోజుకు సుమారు అన్ని మిల్లీగ్రాములు పోతోందని అర్థం. ఇరవై నాలుగ్గంటలూ డబ్బాలో మూత్రం పట్టే అవస్థ అలా తప్పింది.

మామయ్య కాగితం అడుగున చిన్న అక్షరాల్లో యూరిన్ క్రియాటినిన్ 21 అని ఉంది. ల్యాబువాళ్లు కొలిచారు గానీ భాగించి చూపలేదు. లెక్క ఇదీ:

```
ACR (mg/g) = albumin (mg/L) ÷ creatinine (mg/dL) × 100
15 ÷ 21 × 100 = 71
```

నార్మల్ 30 లోపు. నార్మల్ అని వచ్చిన కాగితంలోంచే 71 బయటపడింది.

ఇక్కడ యూనిట్ల దగ్గర తప్పు చేయడం చాలా తేలిక. కొన్ని ల్యాబులు అల్బుమిన్‌ను కూడా mg/dL లో ఇస్తాయి, అప్పుడు 100 బదులు 1000తో గుణించాలి. రిపోర్టులో µg/mg అని ఉంటే కంగారు పడక్కర్లేదు, అది mg/g తో సమానమే. బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో పిల్లల దగ్గర ఉండి పరీక్ష చేయించుకున్నవాళ్లకు mg/mmol లో వస్తుంది. అక్కడి 8 చూసి ఇక్కడి 71తో పోల్చి, తగ్గిపోయిందని సంబరపడకండి. ఆ 8ని 8.84తో గుణిస్తే మళ్లీ దాదాపు 71 వస్తుంది.

మరి సీయూఈలో 'నిల్' ఎలా వచ్చింది? అందులో వాడే రంగు మారే స్ట్రిప్ ముతక జల్లెడ లాంటిది. అల్బుమిన్ బాగా ఎక్కువైతే తప్ప దానికి ఆనదు. మూత్రంలో నురగ కనిపించడం కూడా సాధారణంగా అల్బుమిన్ బాగా పెరిగాకే. 30కీ 300కీ మధ్య ఉన్నవాళ్లలో చాలామందికి స్ట్రిప్‌లో ఏమీ రాదు, ఒంట్లోనూ ఏ బాధా తెలియదు. మైక్రోఅల్బుమిన్ అన్న పేరు కూడా తికమక పెట్టేదే. అదేదో చిన్న సైజు అల్బుమిన్ కాదు, మామూలు అల్బుమినే, పోయే మోతాదు చిన్నది. కిడ్నీ వైద్యుల మార్గదర్శకాలు ఆ పేరు వాడటం మానేసి చాలా ఏళ్లయింది, మన ల్యాబులు మాత్రం ఇంకా వదల్లేదు.

ఇంతకీ అల్బుమిన్ ఎందుకు కారుతుంది? ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుత్తులుంటాయి. సన్నని రక్తనాళాలు ఉండచుట్టుకున్నట్టు ఉండే వీటిలోకి రక్తం ఒక నాళం గుండా వచ్చి ఇంకో నాళం గుండా పోతుంది. షుగర్ ఎక్కువగా ఉంటే వచ్చే నాళం వెడల్పవుతుంది, పోయే నాళం బిగుసుకుంటుంది, దాంతో గుత్తిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి, షుగర్ చేసే రసాయన నష్టానికి వడపోత పొర దెబ్బతింటుంది. దాన్ని బయటి నుంచి పట్టుకుని ఉండే కణాలు పట్టు సడలి కొన్ని రాలిపోతాయి. ఆగాల్సిన అల్బుమిన్ ఆ సందుల్లోంచి జారుతుంది. అయితే అదే ఒత్తిడి వల్ల మొదట్లో వడపోత తగ్గకపోగా కొందరిలో పెరుగుతుంది కూడా. అందుకే రక్తంలో క్రియాటినిన్ 'బాగుంది' అని చెబుతున్న రోజుల్లోనే మూత్రం నిజం చెప్పేస్తుంది.

అలాగని ఒక్క 71తో జబ్బు ముద్ర వేయకూడదు. ఏసీఆర్ ఒకే మనిషిలో రోజుకో రకంగా ఉంటుంది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు చేసిన గట్టి వ్యాయామం, నెలసరి, షుగర్ గానీ బీపీ గానీ బాగా పెరిగి ఉండటం, గుండె వైఫల్యం, వీటిలో ఏదున్నా అంకె పైకి పోతుంది. అందుకే మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడు శాంపిళ్లు ఇచ్చి, వాటిలో రెండు 30 దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం మేలు. పగలంతా నిలబడి తిరిగితే కొందరిలో అల్బుమిన్ కాస్త ఎక్కువ పోతుంది, రాత్రి పడుకున్నాక ఆ తేడా ఉండదు.

మామయ్య చేత నెల తర్వాత ఒకసారి, మూడో నెల చివర ఇంకోసారి ఇప్పించాను, రెండుసార్లూ పొద్దుటి మూత్రమే. ఒకసారి అల్బుమిన్ 62, క్రియాటినిన్ 128 వచ్చాయి, అంటే 48. ఇంకోసారి 41, 96. అంటే 43. విడిగా చూస్తే అల్బుమిన్ 15, 62, 41 అని ఎగిరెగిరి పడుతోంది. భాగించి చూస్తే 71, 48, 43. మొదటిది కాస్త ఎక్కువ, అది మధ్యాహ్నం తిరిగాక ఇచ్చింది. కానీ మూడూ 30 పైనే. ఇక అనుమానం లేదు.

ఇప్పుడు దశలు. ఇక్కడ జనం ఎక్కువగా పొరబడేది, రెండు వేర్వేరు కొలతలను ఒకే మెట్ల వరసగా చదవడం. మూత్రం నుంచి వచ్చేది 'ఎ' దశ: 30 లోపు ఎ1, 30 నుంచి 300 దాకా ఎ2, 300 దాటితే ఎ3. రక్తం నుంచి వచ్చేది 'జి' దశ: ఈజీఎఫ్ఆర్ 90, ఆపైన జి1, 60 నుంచి 89 జి2, 45 నుంచి 59 జి3ఎ, 30 నుంచి 44 జి3బి, 15 నుంచి 29 జి4, 15 లోపు జి5. మొదటిది జల్లెడ ఎంత కారుతోందో చెబుతుంది, రెండోది ఎంత వడపోత మిగిలిందో చెబుతుంది. రెండూ కలిపి చదివితేనే అర్థం.

మామయ్య రక్తంలో క్రియాటినిన్ 1.1. వయసు 54, మగమనిషి కాబట్టి ఈజీఎఫ్ఆర్ సుమారు 80. అంటే జి2, ఎ2. ఈ మాట వినగానే ఆయన ముఖం పాలిపోయింది. "రెండో స్టేజా! అయిదో స్టేజంటే డయాలసిస్ కదా, సగం దూరం వచ్చేసినట్టేనా?" అని టెన్షన్ పడ్డాడు. కాదు. ఈజీఎఫ్ఆర్ 80 ఉండి, మూత్రంలో అల్బుమిన్ గానీ కిడ్నీకి ఇంకే దెబ్బ గుర్తు గానీ లేకపోతే దాన్ని అసలు కిడ్నీ జబ్బే అనరు. ఆయనకు జబ్బు పేరు తెచ్చింది ఎ2. మార్గదర్శకాల్లోని రంగుల పట్టికలో ఆయన గడి పసుపు, అంటే ముప్పు ఒక మోస్తరుగా పెరిగింది. అదే ఎ2కి ఈజీఎఫ్ఆర్ 50 తోడైతే గడి నారింజ, 40 తోడైతే ఎరుపు. ఇంకో వైపు, ఈజీఎఫ్ఆర్ 95 ఉన్నా ఏసీఆర్ 300 దాటితే నారింజలోనే పడతారు. క్రియాటినిన్ బాగుంది కదా అని తిరిగేవాళ్లలో నాకు భయం వేసేది ఈ రెండో రకం వాళ్లను చూసి. ఇంకో మాట, ఈ ముప్పు కిడ్నీకే కాదు, గుండెకు కూడా.

ఏసీఆర్‌కు హద్దులూ ఉన్నాయి. బక్కచిక్కిన ముసలావిడకు కండ తక్కువ, క్రియాటినిన్ తక్కువ పోతుంది, కాబట్టి భాగహారంలో అంకె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. కండలు తిరిగిన కుర్రాడికి దీనికి తిరగబడి ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి అల్బుమిన్ అసలు పోకుండానే ఈజీఎఫ్ఆర్ పడిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బు షుగర్‌ది కాదు, అందులోనూ మూత్రంలో ప్రొటీన్ తక్కువే. అందుకని ఏసీఆర్ బాగుందని రక్త పరీక్ష మానకూడదు. రెండూ ఏటా చేయించాలి: టైప్ 2 వాళ్లు షుగర్ బయటపడ్డ రోజు నుంచే, టైప్ 1 వాళ్లు అయిదేళ్లు దాటాక.

మామయ్యకు డాక్టరు గారు టెల్మిసార్టన్ మొదలుపెట్టారు. అది పోయే నాళాన్ని వదులు చేస్తుంది, గుత్తిలో ఒత్తిడి దిగుతుంది. దానితో పాటు డాపాగ్లిఫ్లోజిన్ కూడా రాశారు, అది వచ్చే నాళాన్ని కాస్త బిగించి ఆ పనికే తోడ్పడుతుంది. ఉప్పు తగ్గించమని గట్టిగా చెప్పారు, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే టెల్మిసార్టన్ అల్బుమిన్‌ను అంతగా తగ్గించలేదు. అత్తయ్య ఆవకాయ జాడీని అటక ఎక్కించింది. మోకాళ్ల నొప్పికి ఆయన మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ కూడా ఆపేశారు. మూడు నెలల తర్వాత ఏసీఆర్ 33. ఆయన లడ్డూలు తెస్తానన్నాడు గానీ నేను ఆగమన్నాను. 43 నుంచి 33కి దిగడం మందు వల్ల కావచ్చు, రోజువారీ ఊగిసలాట కూడా కావచ్చు. ఇంకో రెండు శాంపిళ్లు అటే దిగితే అప్పుడు నమ్ముదాం.

ఇంటిపని. ఒకావిడకు 61 ఏళ్లు, అల్బుమిన్ 96 mg/L, యూరిన్ క్రియాటినిన్ 60 mg/dL, ఈజీఎఫ్ఆర్ 52. శాంపిల్ ఇచ్చిన రోజు మూత్రంలో మంట ఉందని చెప్పింది. ఏసీఆర్ ఎంత? ఎ దశ, జి దశ ఏవి? ఆమెకు దశ ఇప్పుడే చెప్పొచ్చా, లేక ముందు ఇంకేదైనా చేయాలా? జవాబు అయిదో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో టెల్మిసార్టన్ మొదలుపెట్టిన కొత్తలో రక్తంలో క్రియాటినిన్ కాస్త పెరిగితే మందు ఆపాలా వద్దా, పొటాషియం ఎందుకు చూడాలి అన్నవి చెప్పుకుందాం.