రౌటర్ మారాక స్మార్ట్ స్పీకర్‌ను మళ్లీ వై-ఫైకి కలపడం

కొత్త దేశంలో ఇల్లు మారినప్పుడో, ఇంటర్నెట్ కంపెనీ మార్చినప్పుడో పాత రౌటర్ పోయి కొత్తది వస్తుంది. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో కొత్త పాస్‌వర్డ్ కొట్టేస్తాం, అవి నడుస్తాయి. స్పీకర్ మాత్రం ఏమడిగినా ఇంటర్నెట్ లేదనే చెబుతుంది. అది పాడైందని టెన్షన్ పడకండి. కొత్త పాస్‌వర్డ్ కొట్టడానికి చాలా స్పీకర్లకు తెర ఉండదు. అందుకే పాత వై-ఫై పేరు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని దాని కోసమే వెతుకుతూ కూర్చుంటుంది.

పాత వై-ఫై పేరు, పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంటే స్పీకర్ జోలికే వెళ్లనక్కర్లేదు. కొత్త రౌటర్‌కే పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టేయండి. ముందు ఫోన్‌ను కొత్త వై-ఫైకి కలిపి, బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టండి. ఎక్కువగా అది `192.168.1.1` లేదా `192.168.0.1`. చిరునామా, అడ్మిన్ పాస్‌వర్డ్ సాధారణంగా రౌటర్ కింద అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి. కొన్ని కంపెనీలైతే ఇదంతా తమ యాప్‌లోనే చేయనిస్తాయి.

ఇక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా పని జరగదు. ఒక స్నేహితుడి ఇంట్లో ఇలాగే పేరు మార్చాం, అయినా స్పీకర్ కదల్లేదు. అరగంట తర్వాత చూస్తే పాత పేరు `Sunny-home`, మేం పెట్టింది `Sunny-Home`. మనకు రెండూ ఒకటే, స్పీకర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. `h` చిన్నది చేసి, స్పీకర్ ప్లగ్ తీసి మళ్లీ పెట్టాం. రెండు నిమిషాల్లో పలికింది. పేరు చివర పొరపాటున పడ్డ ఖాళీ కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది, పైగా అది కంటికి కనబడదు.

పేరు, పాస్‌వర్డ్ సరిపోయినా కలవకపోతే సెక్యూరిటీ సెట్టింగ్ చూడండి. కొత్త రౌటర్ `WPA3` మీద మాత్రమే ఉంటే పాత స్పీకర్లు కలవలేకపోవచ్చు. దాన్ని `WPA2` కో, రెండూ కలిసి ఉన్న `WPA2/WPA3` కో మార్చండి.

పాత వివరాలు లేకపోయినా, రౌటర్ ఇంటి యజమానిదై మీరు మార్చలేకపోయినా, స్పీకర్‌కే కొత్త నెట్‌వర్క్ చెప్పాలి. అమెజాన్ ఎకో స్పీకర్ అయితే ఫోన్‌ను కొత్త వై-ఫైకి కలపండి, వీపీఎన్ ఉంటే ఆపండి. అలెక్సా యాప్‌లో `Devices` కి వెళ్లి మీ స్పీకర్‌ను ఎంచుకుని, దాని సెట్టింగ్స్‌లో `Wi-Fi Network` పక్కన ఉన్న `Change` నొక్కండి. యాప్ అడిగినప్పుడు స్పీకర్ మీద చుక్క గుర్తున్న బటన్‌ను లైటు ఆరెంజ్ రంగులోకి మారేదాకా నొక్కి పట్టండి. మారగానే వదిలేయండి. ఇంకా నొక్కి ఉంచితే కొన్ని మోడళ్లలో మొత్తం రీసెట్ అయిపోతుంది. తర్వాత జాబితాలో మీ వై-ఫై ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వాలి.

గూగుల్ నెస్ట్ స్పీకర్లయితే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, గూగుల్ హోమ్ యాప్‌లో కొత్త పరికరంలా కలుపుకోవడం తేలిక. నెస్ట్ మినీకి పక్కనున్న మైక్ స్విచ్ ఆపి, పైభాగం మధ్యలో వేలు పెట్టి నొక్కి ఉంచండి. రీసెట్ అయినట్టు శబ్దం వచ్చేదాకా వేలు తీయకండి.

జాబితాలో మీ వై-ఫై పేరే కనబడకపోతే? వేరే దేశంలో కొన్న స్పీకర్‌ను సామానులో తెచ్చుకున్నవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైలో యూరప్‌లో 1 నుంచి 13 దాకా ఛానళ్లు వాడతారు, అమెరికాలో మామూలుగా 11 దాకానే. కాబట్టి రౌటర్ తనంతట తాను 12 లేదా 13 ఎంచుకుంటే, అమెరికాలో కొన్న స్పీకర్‌కు ఆ నెట్‌వర్క్ లేనట్టే అనిపించవచ్చు. పక్కనే ఉన్న ఫోన్‌కు మాత్రం చక్కగా కనిపిస్తుంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టి మళ్లీ వెతకండి.

హాస్టల్, అద్దె అపార్ట్‌మెంట్లలో బ్రౌజర్ తెరిచి లాగిన్ కావాల్సిన వై-ఫై ఉంటే, ఆ పేజీని స్పీకర్ దాటలేకపోవచ్చు. పరికరాలను విడిగా నమోదు చేసే వీలుందేమో నిర్వాహకులను అడగండి. ప్రతి పరికరానికీ మ్యాక్ అడ్రస్ అనే సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది, స్పీకర్ సెట్టింగ్స్‌లో కనిపించే ఆ సంఖ్య ఇస్తే చాలా చోట్ల నమోదు చేస్తారు.

స్పీకర్ పలికాక బల్బులు, ప్లగ్గులు దాని మాట వినకపోతే, అవి కూడా పాత వై-ఫైనే వెతుకుతున్నాయని అర్థం. వాటిని వాటి యాప్‌లలో ఒక్కొక్కటిగా కలుపుకోవాలి.