తెల్ల కుర్తా మెడ మీద ఇటుక రంగు మరక

మా హనుమకొండ ఎండలకు సన్‌స్క్రీన్ పూసుకోకుండా బయటికి వెళ్లను. ఓ రోజు తెల్ల కాటన్ కుర్తా మెడ దగ్గర లేత పసుపు మరక కనిపిస్తే బ్లీచ్ వేశాను. అది కాస్తా ఇటుక రంగుకు తిరిగింది! చాలా సన్‌స్క్రీన్లలో ఉండే అవోబెంజోన్ అనే రసాయనం, బోరు నీళ్లలోని ఇనుము కలిస్తే తుప్పు లాంటి రంగు వస్తుంది. బ్లీచ్ దాన్ని ఇంకా ముదురు చేస్తుంది.

ముందు బ్లీచ్ వాసన పూర్తిగా పోయేదాకా జాడించాను. బ్లీచ్‌కు పులుపు తగిలితే విషవాయువు వస్తుంది, ఇక్కడ తొందర పనికిరాదు. జిడ్డు కోసం గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు రుద్ది పావుగంట ఉంచి కడిగాను. తర్వాత గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి, మెడ భాగం అరగంట నానబెట్టాను. మొదటిసారి లేత నారింజ ఛాయ మిగిలింది, రెండోసారికి పోయింది. చివరి జాడింపు మాత్రం ఫిల్టర్ నీళ్లతోనే. నీడలో ఆరేసి, మరక లేదని చూసుకున్నాకే ఇస్త్రీ చేశాను.

రంగు బట్టైతే నిమ్మ ఉప్పు నీళ్లు లోపలి అంచు మీద వేసి చూడాలి.

పాల టీ, కాఫీ ఒలికితే ఇంత తతంగం లేదు. వెంటనే వెనకవైపు నుంచి చల్లని నీళ్లు ధారగా పోసి, అదే లిక్విడ్ రుద్దితే చాలావరకు పోతుంది. వేడి నీళ్లు పోస్తే పాలు బట్టకు పట్టేస్తాయి.