పగిలిన పింగాణీ పళ్ళెం అతకడం ఎలా? అతుకు దాచకుండా, మళ్ళీ విప్పగలిగేలా

పింగాణీ పగిలిన రోజే అతికించాలని తొందరపడకండి. పళ్ళెం పగలడం వల్ల పోయే విలువ కంటే, ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న సూపర్ గ్లూతో అతికించడం వల్ల పోయేది ఎక్కువ. పెంకులన్నీ ఏరి, ఇసుక రేణువంత ముక్కలతో సహా, ఒక్కోటి విడిగా టిష్యూలో చుట్టి డబ్బాలో పెట్టండి. ఎలా పగిలిందో చూద్దామని విరిగిన అంచుల్ని ఒకదానికొకటి పదేపదే ఆనించి చూడొద్దు. ఆనించిన ప్రతిసారీ అంచు మీద కంటికి కనపడనంత పొడి రాలుతుంది, ఆ మేరకు అతుకు వెడల్పవుతుంది.

ఇక్కడ ఉదాహరణగా 25 సెంటీమీటర్ల చైనా నీలి-తెలుపు పళ్ళెం ఒకటి తీసుకుందాం. ఐదు పెంకులైంది, అంచు దగ్గర సెంటీమీటరు చిప్ప ఎగిరిపోయింది. కింద చెప్పే పద్ధతి అలంకారానికి పెట్టుకునే వస్తువులకే. అతికిన పళ్ళెంలో అన్నం తినకూడదు, అతికిన జాడీలో ఆవకాయ పెట్టకూడదు.

కావలసినవి కొన్నే. పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెసిన్ గుళికలు, అసిటోన్, మూత బిగుతుగా ఉండే గాజు సీసా, పలచటి మల్లుగుడ్డ, కొత్త సెలోటేపు, స్కాల్పెల్ బ్లేడు, ఇసుక పోసిన పళ్ళెం. జిగురుకి 20 గ్రాముల గుళికలు, 20 గ్రాముల అసిటోన్ చాలు. గుళికల్ని మల్లుగుడ్డలో మూటకట్టి, సీసా మూతకి దారంతో వేలాడదీసి, అసిటోన్‌లో మునిగేలా ఒక రాత్రి ఉంచండి. నేరుగా సీసాలో పోస్తే అడుగున ముద్దకట్టి కరగవు. తెల్లారేసరికి తేనెలా చిక్కగా ఉండాలి. అసిటోన్ ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి పొయ్యి, అగరుబత్తి, దీపం ఉన్న గదిలో ఈ పని వద్దు. కిటికీలు తెరిచి ఉంచండి.

అంచులు శుభ్రం చేయడం మామూలు పనే. గోరువెచ్చని నీళ్ళలో చుక్క డిష్‌వాష్ వేసి మెత్తటి బ్రష్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, చివర్న అసిటోన్ ముంచిన దూదితో అంచు మాత్రమే తుడవండి. పైనున్న గాజులాంటి పూత, అంటే గ్లేజు మీద బంగారు గీతలు ఉంటే వాటి జోలికి పోవద్దు. పాత జిగురు ఉంటే ఒక్క పొర కూడా మిగలకూడదు. మట్టి కుండలాంటి, తక్కువ వేడిలో కాల్చిన వస్తువైతే అంచులకు ముందుగా ఇదే రెసిన్‌ని 5 శాతానికి పలచన చేసి పూసి ఆరనివ్వాలి. లేకపోతే అంచు రంధ్రాలు జిగురునంతా తాగేస్తాయి.

ఇక అసలు పని పెంకులు కలపడం. చెడేదీ ఇక్కడే.

ముందు జిగురు లేకుండా వరుస తేల్చుకోండి. పళ్ళెంలో ఒకటో పెంకు పెద్దది, అడుగు వలయంలో సగానికి పైగా దానికే ఉంది. రెండోది దాని పక్కది. మూడు, నాలుగు, ఐదు అంచు వైపు ముక్కలు. నాలుగోది లోపలి వైపు వెడల్పుగా, అంచు వైపు సన్నగా ఉంది. మూడూ ఐదూ ముందే అతికించేస్తే ఆ సందు అంచు దగ్గర ఇరుకుగా ఉంటుంది, వెడల్పు భాగం ముందుగా లోపలికి జొరబడదు. నాలుగో ముక్క చేతిలోనే ఉండిపోతుంది. అందుకే మూడు తర్వాత నాలుగు, ఆఖరున ఐదు. ప్రతి పెంకు వెనక చిన్న టేపు ముక్క అంటించి మార్కర్‌తో అంకె వేసుకుంటే జిగురు చేతిలో ఉన్నప్పుడు తడబాటు ఉండదు. అడుగు వలయం దగ్గర మొదలుపెట్టి అంచు వైపు పోవడమే సరైన వరుస. అంచు నుంచి మొదలుపెట్టినవాళ్ళకి ఆఖరి ముక్క కుదరడం అరుదు.

ఎందుకు కుదరదో అర్థమైతే జాగ్రత్త దానంతటదే వస్తుంది. ప్రతి అతుకులో జిగురు పొరకి కొంత మందం ఉంటుంది. ఒక్కో అతుకు కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు తేడాతో కూర్చుందనుకోండి. నాలుగు అతుకులయ్యేసరికి దాదాపు అర మిల్లీమీటరు జరుగుతుంది. ఐదో పెంకు తన చోట పట్టక పైకి లేచి నిలబడుతుంది. దాన్ని ఎంత నొక్కినా కూర్చోదు, ఎందుకంటే తప్పు దానిది కాదు. మొదటి అతుకుది. కాబట్టి మొదటిదానికే ఎక్కువ సమయం పెట్టండి.

జిగురు ఒక అంచుకే, అంచు మందంలో మధ్యగా, సన్నటి గీతలా పెట్టండి. రెండంచులకీ పూసే అలవాటు మానుకోండి. పెంకు ఆనించి, ఒక నిమిషం గట్టిగా కాక నిలకడగా నొక్కి పట్టుకోండి. తర్వాత గోరుతో పరీక్షించాలి. గోరుని ఒకటో పెంకు మీద నుంచి రెండో దాని మీదికి జార్చండి, మళ్ళీ వెనక్కి జార్చండి. ముందుకు పోయేటప్పుడు తట్టుకుంటే రెండోది ఎత్తుగా ఉంది, వెనక్కి వచ్చేటప్పుడు తట్టుకుంటే ఒకటోది ఎత్తుగా ఉంది. రెండు వైపులా గోరు తట్టుకోకుండా పోవాలి. పళ్ళెం పైవైపు ఒక్కటే చూసి ఊరుకోవద్దు, అడుగు వైపు కూడా చూడండి. కుదిరాక అతుక్కి అడ్డంగా టేపుని కాస్త సాగదీసి, పైనా కిందా వేయండి. టేపు వదిలి వెనక్కి తగ్గేటప్పుడు లాగే బలమే అతుకుని బిగిస్తుంది. బంగారు గీత మీద టేపు పడితే, తీసినప్పుడు గీత కూడా దానితో వస్తుంది.

తర్వాత పళ్ళెంని ఇసుకలో గుచ్చి, అతుకు సమంగా నిలిచి పై ముక్క తన బరువుతో కింది ముక్క మీద ఆనుకునేలా కోణం సరిచూడండి. వాలుగా పెడితే రాత్రంతా మెల్లగా జారి, ఉదయానికి మెట్టు కనిపిస్తుంది. అప్పుడు భయపడనక్కర్లేదు. బి-72 మళ్ళీ కరుగుతుంది. అతుకు వెంట ఒకటి రెండు చుక్కల అసిటోన్ వదిలితే మెత్తబడుతుంది, సరిచేసి మళ్ళీ టేపు వేయొచ్చు.

బయటికి వచ్చిన జిగురుని తడిగా ఉండగా అసిటోన్‌తో తుడవకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. అసిటోన్ అతుకులోకి జారి లోపలి జిగురుని పలచన చేసి బయటికి లాగేస్తుంది. బయటికి శుభ్రంగా కనపడుతుంది, లోపల ఖాళీ. రబ్బరులా గట్టిపడ్డాక బ్లేడుతో గీకేస్తే సరిపోతుంది. రెండో అతుకు మొదలుపెట్టే ముందు మొదటిది కనీసం ఒక రోజు ఆరాలి. అసిటోన్ పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా గోడకి వేలాడదీయొద్దు.

మన వాతావరణానికి ఇంకో రెండు మాటలు చెప్పాలి. వర్షాకాలపు తేమలో అసిటోన్ ఆవిరవుతూ చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి నీటి తేమ పట్టి జిగురు పాలలా తెల్లబడుతుంది. అలాంటి రోజు పని ఆపడమే మంచిది. ఎండాకాలం వేరే సమస్య. బి-72 సుమారు 40 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడుతుంది. రామగుండం, విజయవాడ వేసవిలో కిటికీ పక్కన నిలబెట్టిన పళ్ళెం అతుకులు మెల్లగా జారతాయి. పడుకోబెట్టిన పళ్ళేనికి ఏమీ కాదు. బరువైన కూజా చెవిలాంటి వాటికి మాత్రం 60 డిగ్రీల దాకా గట్టిగా ఉండే పారలాయిడ్ బి-44 తీసుకోండి. అదీ అసిటోన్‌లోనే కరుగుతుంది, కాకపోతే పెళుసు ఎక్కువ.

ఒక్కోసారి పెంకులు ఎంత చేసినా కచ్చితంగా కుదరవు. కాల్చినప్పుడు పళ్ళెంలో చిక్కుకున్న బిగువు, పగలగానే విడుదలై ఆకారాన్ని కాస్త మార్చేస్తుంది. దాన్ని బలవంతంగా మూస్తే ఇంకో చోట పగులుతుంది. తేడాని అన్ని అతుకులకీ కాస్త కాస్త పంచేయండి.

ఎగిరిపోయిన సెంటీమీటరు చిప్పకి మొదట రెసిన్ పూత వేసి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపండి. గ్లేజుకి సమానంగా ఆగాలి, దాని మీదికి ఎక్కకూడదు. ఇసుక కాగితంతో రుద్దితే పక్కనున్న గ్లేజు గీసుకుపోతుంది, బ్లేడుతోనే చెక్కి ఆకారానికి తేవాలి. ఆరాక యాక్రిలిక్ రంగుతో నింపిన చోటు మాత్రమే, పక్క గ్లేజు కంటే అర ఛాయ తేలిగ్గా పూయండి. వస్తు సంరక్షకుల లెక్క ఇది: ఆరడుగుల నుంచి చూస్తే కనపడకూడదు, ఆరంగుళాల నుంచి చూస్తే తెలియాలి. నీలి పువ్వు గీత చిప్పలో తెగిపోతే దాన్ని ఊహించి గీయకండి. నింపిన భాగంలో నీలి రంగు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

ఇక్కడే చాలామంది అడుగుతారు, అంత కష్టపడి మళ్ళీ కనపడేలా వదిలేయడం ఎందుకు, పైన రంగు కొట్టి మాయం చేయొచ్చు కదా అని. మాయం చేయడం అంటే ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడండి. పగులు మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. దాన్ని దాచాలంటే రంగు అంచులు కలిసిపోయేలా రెండు వైపులా సెంటీమీటర్ల కొద్దీ స్ప్రే చేయాలి. అతుకులన్నిటికీ అలా చేస్తే పళ్ళెంలో బాగా ఉన్న గ్లేజు చాలావరకు రంగు కిందికి పోతుంది. ఆ పూత కొన్నేళ్ళకి పసుపెక్కుతుంది, చుట్టూ ఉన్న గ్లేజు పసుపెక్కదు. అప్పుడు మచ్చ పగులు కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

కొనేవాళ్ళకి దొరకదనుకోవడమూ పొరపాటే. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చాలా రకాల రంగుపూతలు గ్లేజుకి భిన్నంగా వెలుగుతాయి. వేలితో తాకితే గ్లేజు చల్లగా, గాజులా ఉంటుంది, పూత కాస్త వెచ్చగా, మెత్తగా తగులుతుంది. పట్టుబడగానే ధర తగ్గేది పగులు వల్ల కాదు. దాని కింద ఎంత పగిలిందో, ఎంత భాగం కొత్తగా కట్టారో తెలియకపోవడం వల్ల. తెలియనిదానికి కొనేవాడు ఎప్పుడూ అతి ఘోరమైనదే ఊహించుకుని ధర చెబుతాడు. పగులు బయటికి కనిపించే పళ్ళెంలో అతను చూసినదే ఉంది, దాచినది లేదు.

కనిపించే అతుకులు చెడు చేస్తాయన్న భయానికి టోక్యో జాతీయ మ్యూజియంలోని ఒక గిన్నె సమాధానం. అది చైనాలోని లొంగ్చువాన్‌లో 13వ శతాబ్దంలో చేసిన ఆకుపచ్చ గ్లేజు గిన్నె, పేరు బకోహాన్. పగులుకి అడ్డంగా స్టేపుల్ పిన్నుల్లాంటి ఇనుప మేకులు కొట్టి బిగించి ఉంటుంది. జపాన్ సైనిక పాలకుడు, షోగున్ అషికాగా యోషిమాసా దాని బదులు మరొకటి కావాలని చైనాకి పంపితే, అలాంటిది ఇక దొరకదని మేకులు కొట్టి తిరిగి పంపారని చెప్పుకుంటారు. ఆ మేకులే ఇవాళ దాని గుర్తు.

అయినా మేకుల పద్ధతి మీరు చేయకండి. దానికి పెంకుల్లో రంధ్రాలు తొలచాలి, ఆ రంధ్రాలు మళ్ళీ పూడవు. పగుళ్ళని లక్కతో అతికి బంగారు గీతలు దిద్దే జపాన్ పద్ధతి కింత్సుగి కూడా కనిపించేదే, కానీ దానిలో వాడే ఉరుషి లక్క ఒకసారి గట్టిపడితే మామూలు ద్రావకాల్లో కరగదు. కనిపించడం ఒక గుణం, విప్పగలగడం వేరే గుణం. విలువైన వస్తువుకి రెండూ ఉండాలి.

విప్పాలంటే మూత బిగుసుకునే డబ్బాలో అడుగున అసిటోన్ తడిపిన దూది పెట్టి, దానికి తగలకుండా మెష్ మీద పళ్ళెం ఉంచి మూత వేయండి. గంటల తరబడి ఆవిరి పట్టాక అతుకులు మెత్తబడతాయి, లాగకుండా పెంకులు విడిపోతాయి. అతికించే ముందు, తర్వాత తీసిన ఫొటోలతోపాటు ఏ జిగురు, ఏ తేదీ, ఎక్కడ నింపారో రాసిన చీటీని పళ్ళెంతోనే ఉంచండి. అడుగున అంటించకండి, డబ్బాలో విడిగా పెట్టండి.