యాప్‌లో పండగ ఫీచర్ పెట్టారా? అప్‌డేట్ నోట్, బ్యానర్ మాటలు ఇలా రాయండి

తిరుపతిలో ఇంటికి సరుకులు చేర్చే ఒక చిన్న యాప్‌కు నేను మాటలు రాసిపెడుతుంటాను. 2025 వినాయక చవితికి అందులో కొత్త ఫీచర్ పెట్టారు. 21 రకాల పత్రి, మట్టి వినాయకుడు కలిపి ఒక సెట్‌గా ఆర్డర్ చేస్తే పండగ ఉదయం ఇంటికి వస్తుంది. మాచిపత్రి, ఉత్తరేణి లాంటివి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు దొరకడం కష్టం కాబట్టి ఇది నిజంగా పనికొచ్చే ఫీచర్. దానికి రెండు చోట్ల మాటలు కావాలి. ఒకటి ప్లే స్టోర్‌లో కనిపించే అప్‌డేట్ నోట్, రెండోది యాప్ తెరవగానే పైన కనిపించే బ్యానర్. ఆ పనినే ఉదాహరణగా తీసుకుని, ఏ వరుసలో చేయాలో చెప్తాను.

1. ముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టండి

ఏమిస్తున్నాం, ఎప్పటిలోగా అడగాలి, ఎక్కడ నొక్కాలి. ఈ మూడూ తేలకుండా రాయడం మొదలుపెడితే చేతికి వచ్చేవి శుభాకాంక్షలే. నా మొదటి ప్రతి ఇలా ఉంది:

“వినాయక చవితి శుభాకాంక్షలు! ఈ పర్వదినాన్ని పురస్కరించుకుని మా యాప్‌లో సరికొత్త పూజా సామగ్రి ఫీచర్‌ను ప్రవేశపెడుతున్నాము.”

దీన్ని పక్కింటి పెద్దమ్మకు చూపించాను. ఆమె రెండుసార్లు చదివి, “బాగుంది నాయనా, ఆకులు ఎప్పుడొస్తాయని యాడ రాసినావు?” అంది. పత్రి అనే మాటే అందులో లేదు. ఆమెకు కావాల్సింది అదొక్కటే. ‘పూజా సామగ్రి’ అంటే అగరుబత్తీలు కూడా కావచ్చు, ‘పత్రి’ అంటే ఇంకో అర్థం రాదు. ఇంట్లో వాళ్లు ఆ వస్తువును ఏ పేరుతో అడుగుతారో ఆ పేరే రాయండి.

2. స్టోర్ నోట్ రాయండి

ప్లే స్టోర్‌లో అప్‌డేట్ నోట్‌కు ఒక్కో భాషకు 500 క్యారెక్టర్ల పరిమితి ఉంది. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ, తెలుగుకు ఆ లెక్క వేరు. మనం ఒక అక్షరం అనుకునే ‘శ్రీ’ కంప్యూటర్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. అందుకని వేళ్ల మీద లెక్కపెట్టుకోకుండా, రాసింది నోట్ పెట్టెలో అతికించి పరిమితి దాటిందేమో చూడండి.

పరిమితి నిండేదాకా రాయాల్సిన పని కూడా లేదు. యాప్ పేజీలో మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. వస్తువు, గడువు అక్కడే ఉండాలి. మేము చివరికి పెట్టింది ఇది. తెలుగు భాగాన్ని ఈ గుర్తుల మధ్యే పెట్టాలి:

```
<te-IN>
చవితి పూజకు 21 రకాల పత్రి, మట్టి వినాయకుడు ఇంటికే.
ఆగస్టు 26, మంగళవారం రాత్రి 8 లోపు ఆర్డర్ చేయండి. 27 ఉదయం 7 లోపు అందుతుంది.
తిరుపతి నగరంలో మాత్రమే.
యాప్ తెరిచి ‘చవితి పూజ’ నొక్కండి.
</te-IN>
```

మొత్తం 250 క్యారెక్టర్ల లోపే వచ్చింది. ‘తిరుపతి నగరంలో మాత్రమే’ అనే వరుస తీసేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తీయకండి. చిత్తూరులో, శ్రీకాళహస్తిలో ఉన్నవాళ్లు ఆశపడి తెరిచి, చివర్లో అడ్రస్ దగ్గర ఆగిపోతే వాళ్లకు బాధగా ఉంటుంది. పాత తప్పులు సరిచేసిన సంగతి కూడా చెప్పాలంటే అది అన్నిటికన్నా కింద, ఒక్క వరుసలో పెట్టండి.

స్టోర్ వాళ్ల పరిశీలనకు ఒక్కోసారి వారం దాకా పట్టొచ్చు. పండగకు కనీసం పది రోజుల ముందే పంపండి.

3. బ్యానర్‌ను విడిగా రాయండి

చాలామంది ఫోన్లలో యాప్‌లు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి, కాబట్టి స్టోర్ నోట్ వాళ్ల కంటపడదు. వాళ్లకు బ్యానరే దిక్కు. స్టోర్ నోట్‌ను తెచ్చి ఇక్కడ అతికిస్తే ఇరుక్కుపోతుంది. రెండు వరుసలు, ఒక బటన్, అంతే:

“21 పత్రి, మట్టి వినాయకుడు ఇంటికే
మంగళవారం రాత్రి 8 లోపు”

బటన్ మీద: “పత్రి ఆర్డర్ చేయండి”

బటన్ మీద ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని పెట్టొద్దు. నొక్కితే ఏం జరుగుతుందో బటనే చెప్పాలి.

నేను చేసిన పెద్ద తప్పు ఈ బ్యానర్‌లోనే. మొదట “రేపు రాత్రి 8 లోపు” అని రాసి సోమవారం సాయంత్రం పెట్టించాను. మంగళవారం కూడా అదే బ్యానర్ ఉండిపోయింది. ఆ రోజు చూసినవాళ్లకు ‘రేపు’ అంటే బుధవారం, అంటే పండగ రోజు రాత్రి. ఇంకా టైమ్ ఉందనుకుని ఊరుకున్నారు. సంగతి తెలిసి మాటలు మార్పించేసరికి మంగళవారం సాయంత్రమైంది. రాత్రి తొమ్మిదికి షాపుకు ఫోన్లు మొదలయ్యాయి. ఒకావిడ “మీరే కదా రేపని రాసినారు” అంటే షాపాయన దగ్గర జవాబు లేదు. తప్పు నాదే. అప్పటి నుంచి బ్యానర్లలో ‘ఈరోజు’, ‘రేపు’, ‘ఎల్లుండి’ అనే మాటలు వాడడం మానేశాను. వారం పేరు, గంట రాస్తాను. గంటకు ముందు ‘ఉదయం’, ‘రాత్రి’ తప్పకుండా ఉంటుంది.

4. చిన్న ఫోన్‌లో, పెద్ద అక్షరాలతో చూడండి

తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయేలా కొలిచిన బ్యానర్ పట్టీలో తెలుగు పెడితే కింద ఒత్తులు తెగిపోతాయి. మా డిజైన్‌లో మొదటిసారి ‘పత్రి’ కాస్తా ‘పతి’ అయింది, ‘మట్టి’ ‘మటి’ అయింది. కంప్యూటర్ స్క్రీన్ మీద బాగానే కనిపించింది, షాపాయన పాత ఫోన్‌లోనే బయటపడింది. వరుస ఎత్తును అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు పెడితే సాధారణంగా సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ఈ వరుస ఉందేమో డెవలపర్‌ను చూడమనండి, ఉంటే తీసేయమనండి:

```
android:includeFontPadding="false"
```

తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు బాగా పెంచి మళ్లీ తెరవండి. పెద్దవాళ్లు అలాగే వాడతారు. రెండో వరుస చుక్కలుగా మారితే గడువు మాయమైనట్టే. అప్పుడు అక్షరాలను కుదించకండి, మాటలు తగ్గించండి. ‘మట్టి వినాయకుడు’ తీసేసి “21 రకాల పత్రి ఇంటికే” అన్నా పని జరుగుతుంది, గడువు మాత్రం ఉండాలి.

5. చూపించి, దాచి, అడగండి

యాప్ సంగతి తెలియని ఒకరికి బ్యానర్‌ను మూడు సెకన్లు చూపించి ఫోన్ తిప్పేయండి. “ఏమిస్తారంట? ఎప్పటిలోగా?” అని అడగండి. మేము డెలివరీ కుర్రాళ్లను, పెద్దమ్మను అడిగాం. “పత్రి, మంగళారం రాత్రి ఎనిమిదికి” అని పెద్దమ్మ తడుముకోకుండా చెప్పింది. ‘ఏదో పండగ ఆఫర్’ అన్న జవాబు వస్తే మళ్లీ రాయాల్సిందే.

6. ఎప్పుడు రావాలి, ఎప్పుడు పోవాలి

బ్యానర్ పాత వెర్షన్ యాప్‌లో కూడా కనిపిస్తే, నొక్కినవాళ్లకు ఆ పేజీయే ఉండదు. కొత్త వెర్షన్ ఉన్నవాళ్లకు మాత్రమే చూపించమని డెవలపర్‌కు ముందే చెప్పండి. మిగతావాళ్లకు వేరే మాట: “పత్రి ఆర్డర్ చేయాలంటే యాప్ అప్‌డేట్ చేయండి”.

గడువు దాటిన నిమిషానికి బ్యానర్ దానంతటదే మారేలా పెట్టించండి. పండగ ముందు రోజు రాత్రి ఎవరికీ గుర్తుండదు. మేము ఎనిమిదింటికి మారేలా రాసిపెట్టుకున్నది ఇది:

“పత్రి ఆర్డర్లు ముగిశాయి
ఆర్డర్ చేసినవాళ్లకు బుధవారం ఉదయం 7 లోపు”

ఇది బుధవారం ఉదయం ఎనిమిదికి పోవాలి. ఏడుకే తీసేస్తే, పత్రి ఇంకా రాక గుమ్మం వైపు చూస్తున్నవాళ్లు యాప్ తెరిచినప్పుడు అక్కడ ఏమీ కనిపించదు.