విరిగిన ఎముక, వంగే ప్లేటు: మూడో పాఠం – వర్కింగ్ లెంగ్త్, స్క్రూల ఎంపిక

మొదటి పాఠంలో స్ట్రెయిన్ అంటే ఏమిటో చూశాం. విరుగు సందులో వచ్చే కదలికను ఆ సందు అసలు వెడల్పుతో భాగిస్తే వచ్చేదే స్ట్రెయిన్. గ్రాన్యులేషన్ కణజాలం తన పొడవుకు సమానంగా సాగినా తెగదు. మృదులాస్థి సుమారు 10 శాతం దాకా ఓర్చుకుంటుంది. గట్టిపడిన ఎముక 2 శాతం దాటితే విరుగుతుంది. రెండో పాఠంలో లాగ్ స్క్రూ, కంప్రెషన్ ప్లేటు చూశాం. అక్కడ ముక్కల మధ్య కదలికను దాదాపు సున్నాకు తెస్తాం, ఎముక కాలస్ లేకుండా నేరుగా అతుక్కుంటుంది. అది అబ్సల్యూట్ స్టెబిలిటీ.

ఈ పాఠం రిలేటివ్ స్టెబిలిటీ గురించి. ఇక్కడ కదలికను మనం కావాలనే ఉంచుతాం, అయితే కొలిచి ఉంచుతాం. ప్లేటుతో ఆ కొలతను నిర్ణయించే ముఖ్యమైన సాధనం వర్కింగ్ లెంగ్త్. విరుగుకు అటూ ఇటూ దానికి అత్యంత దగ్గరగా ఉన్న రెండు స్క్రూల మధ్య ఉన్న ప్లేటు పొడవే వర్కింగ్ లెంగ్త్. ప్లేటు మొత్తం పొడవుతో దీన్ని కలిపేయకండి. పదహారు రంధ్రాల ప్లేటు పెట్టి విరుగు అంచునే స్క్రూలు బిగిస్తే ప్లేటు పొడవైనదే, వర్కింగ్ లెంగ్త్ మాత్రం పొట్టిదే.

ఒక కేసు తీసుకుని లెక్క వేద్దాం. తొడ ఎముక కింది భాగం మోకాలికి పైన ముక్కలుముక్కలైంది, కీలు ఉపరితలం బాగానే ఉంది. నలిగిన భాగం పొడవు 35 మి.మీ. బయటివైపు స్టీలు లాకింగ్ ప్లేటు పెడుతున్నాం. లెక్క తేలికగా ఉండేందుకు ప్లేటు వెడల్పు 16 మి.మీ., మందం 5 మి.మీ. అనుకుందాం. రోగి కాలు కొద్దిగా ఆనిస్తే బరువు 300 న్యూటన్లు. ఆ బరువు రేఖ ప్లేటు నుంచి సుమారు 30 మి.మీ. లోపలివైపుగా పోతుంది. బరువు ప్లేటు మీదుగా కాక పక్కగా పడుతుంది కాబట్టి ప్లేటు వంగుతుంది. ఆ వంపును కలిగించే మొమెంట్ 300 × 30, అంటే 9000 న్యూటన్-మి.మీ.

```
I = b × t³ / 12 = 16 × 125 / 12 ≈ 167 mm⁴
θ = M × L / (E × I)
E (స్టీలు) ≈ 190000 N/mm²
```

ఇందులో b ప్లేటు వెడల్పు, t మందం, I ఆ అడ్డుకోత వంపును ఎదిరించే కొలత, M మొమెంట్, E లోహం గట్టితనం, L వర్కింగ్ లెంగ్త్, θ ప్లేటు వంగిన కోణం. ఆ కోణాన్ని ప్లేటు నుంచి ఉన్న దూరంతో గుణిస్తే ఆ చోట కదలిక ఎంతో వస్తుంది. ఇది కఠినమైన మోడల్ కాదు, ప్లేటును ఒక నిటారు కడ్డీగా భావించిన అంచనా. కానీ ఆపరేషన్ బల్ల దగ్గర ఏ నిర్ణయం ఏ దిశగా తీసుకెళ్తుందో ఇది చక్కగా చెబుతుంది.

మొదట స్క్రూలను నలిగిన భాగానికి ఆనించి బిగించామనుకుందాం, L సుమారు 50 మి.మీ. కోణం 0.014 రేడియన్ వస్తుంది. ప్లేటుకు ఎదురుగా, 30 మి.మీ. దూరంలో ఉన్న లోపలివైపు కార్టెక్స్ దగ్గర కదలిక 0.43 మి.మీ. ఇప్పుడు కాండం వైపు మూడు రంధ్రాలు ఖాళీగా వదిలేద్దాం. ఈ రకం పెద్ద ప్లేట్లలో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం సుమారు 18 మి.మీ. కాబట్టి L ఇంచుమించు 100 అవుతుంది. అదే చోట కదలిక 0.85 మి.మీ. అయింది. కాండిల్ వైపు స్క్రూల చోటు దాదాపు నిర్ణయమైపోయి ఉంటుంది కనుక, మన చేతిలో ఉన్న స్వేచ్ఛ అంతా కాండం వైపే.

ఈ కదలిక ఎక్కువా తక్కువా? సందును బట్టి చెప్పాలి. నలిగిన భాగంలో ముక్కల మధ్య ఐదు సందులు, ఒక్కోటి 2 మి.మీ. చొప్పున మొత్తం 10 మి.మీ. ఉన్నాయనుకుంటే, 0.85 మి.మీ. కదలిక వాటన్నిటికీ పంచుకుని స్ట్రెయిన్ 8.5 శాతం అవుతుంది. కాలస్ పుట్టడానికి ఇది తగినంత, మృదులాస్థిని తెంపేంత కాదు. అదే విరుగు ఒకే అడ్డు గీతగా ఉండి 1 మి.మీ. సందు మిగిలిపోయిందనుకోండి. పొట్టి వర్కింగ్ లెంగ్త్‌తో వచ్చే 0.43 మి.మీ. కూడా 43 శాతం స్ట్రెయిన్ అవుతుంది, అక్కడ ఎముక వచ్చే అవకాశం లేదు. సింపుల్ ఫ్రాక్చర్‌ను లాకింగ్ ప్లేటుతో సందు వదిలి బ్రిడ్జ్ చేయడం చెడు కలయిక అని నేను గట్టిగా అంటాను. దానికి రెండో పాఠంలోని కంప్రెషనే సరైన దారి.

ఇప్పుడు అదే లెక్కను ప్లేటు పక్కనున్న కార్టెక్స్ దగ్గర వేయండి. అక్కడ దూరం 2 మి.మీ. మాత్రమే. L 50 అయితే కదలిక 0.03 మి.మీ., L 100 అయితే 0.06. స్ట్రెయిన్ ఒక శాతం కూడా లేదు. వర్కింగ్ లెంగ్త్ రెట్టింపు చేసినా ప్లేటు కింద కాలస్‌కు కావలసిన ప్రేరణ దొరకడం లేదు. ఈ రకం ప్లేటింగ్ తర్వాత ఎక్స్-రేలలో లోపలివైపు కాలస్ మెత్తగా అల్లుకుని, బయటివైపు ప్లేటు కింద ఏమీ లేకుండా కనిపించడానికి కారణం ఇదే. ఇది సర్జన్ అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, పక్కగా పెట్టిన ప్లేటు వంగే తీరులోనే ఉంది. టైటానియం ప్లేటు వాడితే E సుమారు 110000కు తగ్గుతుంది, కదలిక 1.7 రెట్లు పెరుగుతుంది, అయినా ప్లేటు వైపు 0.1 మి.మీ. దగ్గరే ఆగుతుంది. ఆ వైపు కూడా కదలాలంటే ప్లేటు వంగితే చాలదు, స్క్రూలే కొంచెం వంగాలి. దగ్గరి కార్టెక్స్‌ను తాకకుండా దూరపు కార్టెక్స్‌లోనే పట్టు ఉండే స్క్రూలు ఇందుకే వచ్చాయి. స్క్రూ వంగినప్పుడు ముక్క మొత్తం సమాంతరంగా జరుగుతుంది కాబట్టి రెండు వైపులా కదలిక ఒకే మోతాదులో కలుస్తుంది. అలా 0.3 మి.మీ. కలిసినా ప్లేటు కింద స్ట్రెయిన్ 3 శాతం దాటుతుంది.

మరి L ను ఇంకా ఇంకా పెంచుకుంటూ పోవచ్చా? పోకూడదు. వంపు L తో సమంగా పెరుగుతుంది. కానీ అడ్డంగా తోసే బలానికి ముక్కలు పక్కకు జారే కదలిక L ఘనంతో పెరుగుతుంది. L రెట్టింపైతే ఆ జారుడు ఎనిమిది రెట్లు. కాలస్ అక్షం వెంబడి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, జారుడును అంతగా తట్టుకోదు. ఏటవాలు విరుగులో ఇది మరీ ప్రమాదం. అందుకే నలిగిన భాగం దగ్గర రెండు మూడు రంధ్రాలు వదలడం అనే అలవాటుకు అర్థముంది, ఆరు వదలడానికి లేదు.

ప్లేటు విరగడం గురించి ఒక మాట తరచూ వింటాం: వర్కింగ్ లెంగ్త్ పెంచితే ప్లేటు మీద ఒత్తిడి తగ్గుతుందని. ఇది సగం నిజం. స్టీలు స్కేలును రెండు చేతులతో పట్టుకుని ఒకే కోణానికి వంచండి. చేతులు దగ్గరగా ఉంటే స్కేలు ఒకచోట మడతపడినట్టు కుంగుతుంది, దూరంగా ఉంటే వంపు అంతా పరుచుకుంటుంది. వంపు కోణం ఎక్కడో ఆగిపోయే పరిస్థితిలో ఈ పోలిక సరిపోతుంది. సింపుల్ ఫ్రాక్చర్‌లో 1 మి.మీ. సందు మూసుకుని ఎదురు కార్టెక్సులు తాకగానే వంపు ఆగుతుంది. అప్పటికి L 50 ప్లేటులో ఒత్తిడి సుమారు 317 మెగాపాస్కల్, L 100 ప్లేటులో దాదాపు 158. సగానికి సగం తగ్గింది.

కానీ మన కేసులో తాకడానికి ఎదురు కార్టెక్స్ లేదు. వంపును ఆపేది లేదు, మొమెంట్ మాత్రమే ఉంది. ఒత్తిడి M × (t/2) / I, ఇందులో L కనిపించదు. రెండు పొడవుల్లోనూ అది 135 మెగాపాస్కలే. ఖాళీ రంధ్రం దగ్గర లోహం తక్కువ కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ. రోగి మూడు రెట్ల బరువు ఆనిస్తే ఒత్తిడీ మూడు రెట్లవుతుంది. నలిగిన ఫ్రాక్చర్‌లో ప్లేటును కాపాడేది పొడవు కాదు, వేళకు వచ్చే కాలస్. వర్కింగ్ లెంగ్త్ ఆ కాలస్‌ను రప్పించడం ద్వారా ప్లేటును పరోక్షంగా కాపాడుతుంది.

ఇక స్క్రూలు. మామూలు కార్టికల్ స్క్రూ ప్లేటును ఎముకకు నొక్కి, ఆ రాపిడితో బరువు మోస్తుంది. ఎముక గుల్లబారితే ఆ నొక్కుడు నిలవదు, స్క్రూ వదులవుతుంది. లాకింగ్ స్క్రూ తల ప్లేటులోనే మరలతో బిగుసుకుంటుంది కాబట్టి నొక్కుడుతో పని లేదు, స్క్రూ వంపును ఎదిరిస్తూ బరువు మోస్తుంది. అందుకే దాని లోపలి కడ్డీ లావుగా ఉంటుంది. 4.5 కార్టికల్ స్క్రూలో కడ్డీ వ్యాసం సుమారు 3.1 మి.మీ. అయితే 5.0 లాకింగ్ స్క్రూలో 4.4. వంపుకు గట్టితనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనుక ఈ తేడా నాలుగు రెట్లు.

రెండూ ఒకే ప్లేటులో వాడవచ్చు, కానీ వరుస ముఖ్యం. ఒక ముక్కలో ముందు కార్టికల్ స్క్రూతో ఎముకను ప్లేటుకు లాక్కోవాలి, ఆ తర్వాతే లాకింగ్ స్క్రూలు. లాకింగ్ ముందు పడితే ప్లేటుకూ ఎముకకూ మధ్య దూరం ఖాయమైపోతుంది. ఆ తర్వాత కార్టికల్ స్క్రూను ఎంత తిప్పినా ఎముక దగ్గరకు రాదు, మరలు మాత్రం ఎముకలో తెగిపోతాయి. లాకింగ్ స్క్రూను చివరగా టార్క్ లిమిటర్‌తో బిగించండి, 5.0 స్క్రూకు 4 న్యూటన్-మీటర్లు. అంతకు మించి బిగిస్తే తల ప్లేటులో అంటుకుపోయి, రేపు తీయాల్సి వచ్చినప్పుడు మొండికేస్తుంది.

సంఖ్య విషయంలో చాలామంది అతి చేస్తారు. ఒక ముక్కలో మూడు స్క్రూలు దాటాక అక్షం వెంబడి గట్టితనం పెద్దగా పెరగదు. మెలికకు నాలుగు దాటాక పెరగదు. ఖాళీ రంధ్రం చూసి అసంపూర్తిగా అనిపించడం సహజం, కానీ దాన్ని నింపితే వర్కింగ్ లెంగ్త్ పోతుంది. మన కేసులో కాండం మీద తొమ్మిది రంధ్రాలున్నాయనుకుందాం. విరుగు వైపు నుంచి మొదటి మూడు ఖాళీ. నాలుగు, ఆరు, ఎనిమిది రంధ్రాల్లో రెండు కార్టెక్సులూ పట్టే లాకింగ్ స్క్రూలు. ఎముక గుల్లబారి ఉంటే తొమ్మిదో రంధ్రంలో లాకింగ్ బదులు మామూలు కార్టికల్ స్క్రూ నేను ఎంచుకుంటాను, ఎందుకంటే ప్లేటు చివర గట్టితనం ఒక్కసారిగా మారితే ఎముక అక్కడే విరగవచ్చు.

తర్వాత ఎక్స్-రేలు ఎలా చదవాలి? పన్నెండు వారాలకు కూడా ఎక్కడా కాలస్ లేక, ముక్కల అంచులు మొదటి రోజులాగే పదునుగా ఉంటే కట్టడం మరీ బిగువుగా ఉందేమోనని చూడండి. రక్తప్రసరణ దెబ్బతినడం, ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే కనిపించవచ్చు, వాటిని ముందు తోసిపుచ్చాలి. కాలస్ గుబురుగా వచ్చి, దాని మధ్య సన్నని నల్ల గీత నెలల తరబడి చెరగకపోతే కదలిక ఎక్కువైందని అర్థం. అక్కడ ఎముక ప్రయత్నం చేస్తూనే ఉంది, దానికి స్థిరత్వం కావాలి. స్క్రూ చుట్టూ నల్లని వలయం కనిపిస్తే ఎముకలో పట్టు పోతోంది.

నాలుగో పాఠానికి ముందు ఈ లెక్క చేసి పెట్టుకోండి. ఇదే ప్లేటు, ఇదే 300 న్యూటన్లు, కానీ ప్లేటు మందం 4 మి.మీ., L 70. లోపలివైపు కార్టెక్స్ దగ్గర కదలిక ఎంత? నలిగిన భాగంలో సందులు మొత్తం 6 మి.మీ. మాత్రమే అయితే స్ట్రెయిన్ 10 శాతం లోపల ఉంటుందా? ఉండకపోతే ఒక రంధ్రం నింపుతారా, మందమైన ప్లేటుకు మారుతారా అన్నది కారణంతో సహా రాయండి. నింపితే L 52కు వస్తుందని గుర్తుంచుకోండి.