కర్రీ పాయింట్‌లో పనివాళ్లు నిలవాలంటే

పక్క వీధిలో వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామనగానే వంటమనిషి వెళ్లిపోవడం కర్రీ పాయింట్ నడిపేవాళ్లకు తెలిసిన తలనొప్పే. జీతం అంత పెంచలేనప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

గత మూడు నెలల అమ్మకాల నుంచి వారం సగటు తీసి గోడమీద రాయండి. ఆపైన వచ్చిన అమ్మకంలో పదిశాతం పనివాళ్లది. సగటు 60,000 అనుకుందాం. ఈ వారం 68,000 వస్తే, అదనపు 8,000లో 800 వాళ్లకు. నలుగురుంటే తలా 200, గిన్నెలు తోమే ఆమెకూ అంతే. సోమవారం ఉదయమే చేతికివ్వాలి. నెలాఖరుకు వాయిదా వేస్తే నమ్మకం పోతుంది. అమ్మకాలు బాగున్నాయని సగటు గీతను మధ్యలో పైకి జరపకూడదు, ఆరు నెలలకొకసారి అందరి ముందూ లెక్కకట్టి మార్చాలి.

దాని పక్కనే వారం సెలవుల పట్టిక, అడ్వాన్సు నియమం అంటించండి: జీతంలో మూడోవంతు దాకా, రెండు నెలల్లో కోత. మా బావమరిదికీ అదే నియమం. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ మాట షట్టరు దించాకే చెప్పాలి, కొనేవాళ్ల ముందు కాదు.

కార్తీకమాసంలో మాంసాహారం అమ్మకాలు పడిపోతాయి కాబట్టి, ఆ నెలకు గీతను ముందే తగ్గించకపోతే వాటా సున్నా అవుతుంది. అసలు జీతమే చుట్టుపక్కల దుకాణాలకన్నా బాగా తక్కువైతే మాత్రం ఈ 200 ఎవరినీ ఆపదు.