కడుపు పరీక్ష – 4వ పాఠం: టేపు తగ్గింది, తల ఎక్కడుంది?

పోయిన పాఠంలో ఏఎన్ఎంలు మీరంతా ఫండల్ హైట్, అంటే పొట్ట మీద టేపుతో గర్భాశయం ఎత్తు, సెంటీమీటర్లలో కొలిచి పంపమన్నాను. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ఒకే గర్భిణికి రెండు కొలతలున్నాయి, వాటి మధ్య రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉంది. ఇంకొందరు అడిగిన ప్రశ్న వేరు. 36 వారాలకు 35 ఉన్న కొలత 38 వారాలకు 33కి పడిపోయింది, బిడ్డ ఎదగడం లేదా అని. ఈ పాఠానికి వేరే క్రమం అనుకున్నాను గానీ, ఈ ప్రశ్న తేలకుండా ముందుకు పోలేం.

ముందు మొదటి గొడవ. మూత్రం పోయించకుండా కొలిస్తే నిండిన మూత్రాశయం గర్భాశయాన్ని పైకి నెడుతుంది. దాని ఒక్కదానివల్లే మూడు సెంటీమీటర్ల దాకా ఎక్కువ రావచ్చు. "అమ్మా, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చావా?" అని అడిగాకే టేపు తీయండి. ఆమె అరగంట కిందట వెళ్లానంటే మళ్లీ పంపండి. టేపు వేసేటప్పుడు కాళ్లు చాపి ఉండాలి. మోకాళ్లు మడిచేది ఆ తర్వాత, చేత్తో తడిమి చూసేటప్పుడు. చాలామంది కాళ్లు ముందే మడిపించి కొలిచారు. గర్భాశయం సాధారణంగా కాస్త కుడివైపుకి ఒరిగి ఉంటుంది కాబట్టి ఒక చేత్తో దాన్ని మధ్యకు తెచ్చి, ఎడమ అరచేతి అంచుతో గర్భాశయం పైభాగమైన ఫండస్ గట్టు వెతకాలి. చేతి కింద పొట్ట గట్టిపడితే ఆగండి, అది మెత్తబడేదాకా కొలవకండి.

టేపును నేను ఫండస్ నుంచి కిందికి, కటి ముందు ఎముకలు కలిసే సింఫిసిస్ పైఅంచు వరకు వేస్తాను. అంకెలున్న వైపు పొట్ట మీదికి తిప్పి పెడతాను. అంకె కనిపిస్తుంటే చెయ్యి తెలియకుండానే కార్డులో రాసిన వారాల దగ్గరికి జరుగుతుంది. మీ కొలతల్లో చాలావరకు వారాలతో సరిగ్గా కలిసిపోవడం చూస్తే నాకు అనుమానం కలిగిందే అందుకు. 24 వారాలు దాటాక కొలత వారాల అంకెకు దగ్గరగా రావాలి. మూడు సెంటీమీటర్లు లేదా అంతకు మించిన తేడా ఉంటే, ముందు చివరి నెలసరి తేదీ మళ్లీ అడిగి, అప్పటికీ తేడా నిలిస్తే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు రెండో గొడవ. కొలత తగ్గడానికి 38 వారాల దగ్గర ముఖ్యంగా రెండు దారులున్నాయి. తల కటిలోకి దిగితే ఫండస్ కూడా దానితో కిందికి వస్తుంది. తల దిగకుండానే కొలత తగ్గితే ఉమ్మనీరు తగ్గి ఉండొచ్చు, బిడ్డ ఎదుగుదల ఆగి ఉండొచ్చు. టేపుకు ఈ రెండింటి తేడా తెలియదు. చేతికి తెలుస్తుంది.

మోకాళ్లు కొద్దిగా మడిపించి మొదలుపెట్టండి. రెండు చేతులతో ఫండస్ పట్టి చూస్తే అక్కడ మెత్తగా, వెడల్పుగా, కదిపితే ఒళ్లంతా కదిలేది ఉంటే పిరుదులు. గట్టిగా గుండ్రంగా ఉండి, ఒంటితో పని లేకుండా తనంతట తాను ఊగితే తల. పక్కలకు చేతులు దించితే ఒక వైపు నున్నగా తెగకుండా సాగేది వీపు, రెండో వైపు చిన్న చిన్న గడ్డల్లా తగిలేవి కాళ్లూ చేతులూ. ఫండస్‌లో ఏమీ దొరక్క, పొట్ట అడ్డంగా వెడల్పయి, తల ఏదో ఒక పక్కన తగిలితే బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఈ నెలలో దాన్ని తోసి సరిచేసే ప్రయత్నం సబ్‌సెంటర్‌లో చేయకూడదు, ఆసుపత్రికి పంపాలి. నీరు పోతే బొడ్డుతాడు ముందు జారే ప్రమాదం ఇలాంటి బిడ్డకే ఎక్కువ.

ఇక పెల్విక్ గ్రిప్, అంటే తల కటిలోకి దిగిందా లేదా అని పొట్ట అడుగున తడిమి చూడటం. మీ జవాబుల్లో తిరగేసి రాసింది ఇదే.

గర్భిణి పాదాల వైపు తిరిగి నిలబడండి. రెండు అరచేతులు పొట్ట అడుగు భాగానికి రెండు పక్కల పెట్టి, వేళ్లు కిందికి, లోపలికి చూసేలా ఉంచండి. ఆమెను మెల్లగా ఊపిరి వదలమని, వదులుతుండగా వేళ్లను లోతుకు జార్చండి. వేళ్లు తల కిందికి పోయి ఒకదానికొకటి దగ్గరవుతుంటే తల ఇంకా దిగలేదు. దూరమవుతుంటే దిగింది. మీలో చాలామంది దీన్ని తలకిందులు చేశారు. 'వేళ్లు కలిశాయంటే తల దొరికింది, దొరికిందంటే దిగింది' అన్న లెక్క. కాదు.

ఒక బంతిని చెంబు మూతి మీద పెట్టి చూడండి. బంతిలో అన్నిటికంటే వెడల్పైన నడుము మూతికి పైనే ఉంటే, మీ వేళ్లు ఆ నడుము దాటి కిందికి జారేకొద్దీ దగ్గరికి వస్తాయి. అదే నడుము మూతిలోపలికి మునిగిపోతే పైన మిగిలేది టోపీ లాంటి ముక్కే. దాని మీద వేళ్లు కిందికి జార్చేకొద్దీ విడిపోతూ చెంబు అంచుకు తగిలి ఆగుతాయి. కటి పైద్వారం చెంబు మూతి. ఎంగేజ్ అయిందంటే తల నడుము ఆ మూతి దాటిందని అర్థం, తల కదలడం లేదని కాదు. నాకు విసుగు తెప్పించే తప్పు ఇదే: తల కదలకపోతే 'ఎంగేజ్డ్' అని కార్డు మీద రాసేయడం. తల మూతిలో ఇరుక్కుని కదలక ఆగినా దాని నడుము పైనే ఉండొచ్చు. అందుకే నేను కదలికను నమ్మను, వేళ్లతో కొలుస్తాను. తల మొత్తం అయిదు వేళ్ల వెడల్పు అనుకుంటే, సింఫిసిస్ పైన ఎన్ని వేళ్ల తల తగులుతుందో అన్ని అయిదోవంతులు రాయాలి. 5/5 అంటే మొత్తం పైనే ఉంది. 3/5 దాకా ఎంగేజ్ కానట్టే, 2/5 లేదా తక్కువైతే అయినట్టు.

ఇప్పుడు ఆ 33 దగ్గరికి వద్దాం. తొలి కాన్పు, 38 వారాలు, తేదీలు సరైనవే. ఫండస్‌లో మెత్తటి పిరుదులు, ఎడమ పక్క వీపు. సింఫిసిస్ పైన రెండు వేళ్ల తలే తగులుతోంది, వేళ్లు విడిపోతున్నాయి. బొడ్డుకు కింద ఎడమవైపు గుండె చప్పుడు నిమిషానికి 140. ఆయాసం తగ్గిందని, మూత్రం మాత్రం తరచూ వస్తోందని ఆమె చెబుతోంది. లై, అంటే బిడ్డ పడుకున్న తీరు, నిలువు. ప్రెజెంటేషన్, అంటే ముందు వచ్చే భాగం, తల. 2/5. కొలత తగ్గింది తల దిగినందుకే. వారాలతో తేడా మూడు దాటింది కాబట్టి, పైన చెప్పినట్టు డాక్టరుకు చూపించడం మాత్రం మానకండి.

అదే 33, అన్నీ అలాగే ఉండి, తల మాత్రం 5/5, వేళ్లు కలుస్తున్నాయి, పొట్ట మీద చెయ్యి పెట్టగానే కాళ్లూ చేతులూ చర్మం కిందే ఉన్నట్టు తగులుతున్నాయి అనుకోండి. ఇప్పుడు ఆ రెండు సెంటీమీటర్లకు తల దిగడం సమాధానం కాదు. బిడ్డ కదలికలు తగ్గాయా అని అడిగి, ఆ రోజే స్కాన్‌కు పంపండి. తొలి కాన్పులో 38 వారాలు దాటినా తల పైనే ఉంటే, కొలత బాగున్నా సరే, కటి ఇరుకా, మావి అడ్డుందా అని డాక్టరు చూడాలి. ఇంతకుముందు కాన్పులైనవాళ్లకు మాత్రం నొప్పులు మొదలయ్యేదాకా తల దిగకపోవడం మామూలే.

సాధన: ముందు ఇంట్లో చెంబు, బంతి, పైన మడత పెట్టిన తువ్వాలు. కళ్లు మూసుకుని, బంతి ఎంత మునిగిందో ఇంకొకరు మారుస్తూ ఉండగా ఇరవై సార్లు చెప్పండి. తర్వాత 36 వారాలు దాటిన పదిమంది గర్భిణులు. కార్డు తెరవకుండా ముందు అయిదోవంతు రాయండి, తర్వాత టేపు వేయండి, చివర కార్డులో వారాలు చూడండి. అదే గర్భిణిని తోటి ఏఎన్ఎం కూడా మీ అంకె చూడకుండా పరీక్షించాలి. ఇద్దరి అంకెల్లో ఒక్క అయిదోవంతు కన్నా ఎక్కువ తేడా వచ్చిన చోట, మూత్రం పోయించారా లేదా అన్నది కూడా రాసి పంపండి.